ఒక్క రోజు ఆలస్యం, 14 రోజుల నష్టం: ఆగిన అప్రూవల్ గురించి క్లయింట్‌కు ఏం రాయాలి

అప్రూవల్ రాక పని ఆగినప్పుడు చాలా ఆఫీసుల నుంచి వెళ్లే ఉత్తరం దాదాపు ఇలాగే ఉంటుంది: "3వ తేదీన పంపిన డ్రాయింగులపై మీ ఆమోదం ఇంకా అందలేదు. దీనివల్ల సైట్‌లో పనులు ఆగిపోతున్నాయి. దయచేసి వీలైనంత త్వరగా ఆమోదం తెలుపగలరు." మర్యాదకు లోటు లేదు, చెప్పినదాంట్లో అబద్ధమూ లేదు. కానీ అందుకున్న మనిషికి దీన్నిబట్టి చేయడానికి ఏమీ ఉండదు. ఏ పని ఆగింది? ఈరోజు చెప్పకపోతే రేపటికి ఏం మారుతుంది? "వీలైనంత త్వరగా" అంటే ఎప్పటికి? ఇవేవీ అందులో లేవు. అలాంటి ఉత్తరం చదివినవాళ్లు "సరే, చూద్దాం" అనుకుని పక్కన పెట్టడంలో తప్పు పట్టడానికి లేదు.

అప్రూవల్ ఆలస్యమవుతోందంటే అవతలివాళ్లు నిర్లక్ష్యంగా ఉన్నారని అనుకోవడం మామూలే. చాలాసార్లు సంగతి అది కాదు. డ్రాయింగ్‌లో ఒక్క అంశం మీద వాళ్లకు సందేహం ఉంటుంది. దాన్ని తేల్చాల్సినవాళ్లు మరొకరు, వాళ్ల టేబుల్ మీద ఇంకా ఇరవై ఫైళ్లున్నాయి. ఈ ఒక్క సంతకానికి వెనకాల ఎన్ని పనులు క్యూ కట్టాయో షెడ్యూల్ వేసినవాళ్లకు తెలిసినట్టు వాళ్లకు తెలియదు. కాబట్టి ఉత్తరం చేయాల్సిన మొదటి పని ఆ క్యూని చూపించడం. తొందరపెట్టడం ఆ తర్వాతి మాట.

ఒక ఉదాహరణ తీసుకుంటే విషయం తేలికగా తెలుస్తుంది. ఒక ఆఫీసు భవనానికి 64 కిటికీలు పెట్టాలి. కాంట్రాక్టర్ జూన్ 3న కిటికీల షాప్ డ్రాయింగులు, అంటే వాటిని ఎలా తయారుచేసి బిగించాలో కొలతలతో చూపించే బొమ్మలు, పంపాడు. ఒప్పందం ప్రకారం వాటిని చూసి చెప్పడానికి క్లయింట్‌కు 10 రోజుల గడువు, అంటే జూన్ 13. ఈరోజు జూన్ 20. గడువు దాటి వారమైంది. మరి ఈ వారం ఆలస్యానికి నష్టం ఎంత?

ఏడు రోజులు అని చెప్పాలనిపిస్తుంది. అసలు జవాబు సున్నా. ఎందుకంటే గాజు వేరే చోట, ఫ్యాక్టరీలో తయారవుతుంది. ఈ పనికి ఫ్యాక్టరీ కేటాయించిన బ్యాచ్ జూన్ 27న మొదలవుతుంది. కొలతల జాబితా సరిచూసుకోవడానికి వాళ్లకు రెండు రోజులు కావాలి కాబట్టి ఆర్డర్ 25 సాయంత్రానికి చేరితే చాలు. కాంట్రాక్టర్ షెడ్యూల్‌లో ఆర్డర్ తేదీ జూన్ 16 అని రాసుకున్నాడు. కానీ 16న పంపినా 25న పంపినా గాజు సైట్‌కు వచ్చేది జూలై 18నే. మధ్యలో ఉన్న 9 రోజులూ వెసులుబాటు. షెడ్యూలింగ్ భాషలో దీన్నే ఫ్లోట్ అంటారు.

25 దాటితే లెక్క మారిపోతుంది. తర్వాతి బ్యాచ్ జూలై 11న. గాజు తయారై రావడానికి 21 రోజులు పడుతుంది కాబట్టి ఆగస్టు 1కి గానీ చేరదు. బిగించడానికి 12 రోజులు. జూలై 30న అయిపోవలసిన కిటికీల పని ఆగస్టు 13కి అవుతుంది. కిటికీలు మూసుకుంటే గానీ లోపలికి వాన నీళ్లు రావన్న భరోసా ఉండదు. ఆ భరోసా లేకుండా ఫాల్స్ సీలింగ్ పనీ పెయింటింగూ మొదలుపెట్టలేరు. సెప్టెంబర్ 30 హ్యాండోవర్ అక్టోబర్ 14 అవుతుంది. అంటే ఏడు రోజుల ఆలస్యానికి ఖర్చు లేదు, పన్నెండు రోజులకూ లేదు, పదమూడో రోజున ఒక్కసారిగా 14 రోజులు వచ్చి మీద పడతాయి. బస్సు ఐదు నిమిషాల తేడాలో తప్పిపోతే నష్టం ఐదు నిమిషాలు కాదు కదా, తర్వాతి బస్సు వచ్చేదాకా.

నష్టం ఒక్కసారిగా పైకెక్కే ఈ మెట్టు ఏ తేదీ దగ్గరుందో కనుక్కోకుండా ఉత్తరం రాయకూడదు. ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన తేదీ గడువు దాటిపోయిన జూన్ 13 కాదు, ఇంకా చేతిలో ఉన్న జూన్ 25. మొదటిదాన్ని పట్టుకుని రాస్తే అది ఫిర్యాదు అవుతుంది. రెండోదాన్ని పట్టుకుని రాస్తే అవతలివాళ్లకు చేయడానికి ఒక పని దొరుకుతుంది. ఆ తేదీ ఒక్కో రంగంలో ఒక్కో చోట ఉంటుంది. అచ్చు పనిలో మెషిన్ టైమ్ బుక్ అయిన రోజు, సాఫ్ట్‌వేర్‌లో టెస్టింగ్ టీమ్ మరో ప్రాజెక్ట్‌కు వెళ్లిపోయే రోజు.

వెసులుబాటు ఉందని క్లయింట్‌కు చెప్పాలా? చెబితే 25 దాకా హాయిగా కూర్చుంటారేమో అన్న భయం ఉంటుంది. అందుకే కొందరు "రోజుకు ఇంత నష్టం" అని 14వ తేదీ నుంచే మీటర్ తిప్పడం మొదలుపెడతారు. ఇది అక్కరకు రాని తెలివి. క్లయింట్ తరఫు ఇంజనీర్ షెడ్యూల్ తీసి చూస్తే సీలింగ్ పని మొదలయ్యే తేదీ జూలై 31 అలాగే ఉంటుంది. "ఇందులో ఏం కదిలింది?" అని ఆయన అడిగిన తర్వాత కాంట్రాక్టర్ చెప్పే నిజమైన లెక్కను కూడా ఎవరూ నమ్మరు. ఉన్నదున్నట్టు చెప్పి, ఆ వెసులుబాటులో ఇప్పటికే ఎంత ఖర్చయిందో, ఇంకెంత మిగిలిందో చూపించడం మేలు. తొమ్మిదిలో నాలుగు పోయాయి, ఐదు మిగిలాయి. ఆ అంకె చాలు, దానికి వేరే గద్దింపు అక్కర్లేదు.

కలం పట్టుకునే ముందు ఇంటి సంగతి ఒకసారి చూసుకోవాలి. పంపిన సెట్‌లో అన్ని షీట్లూ ఉన్నాయా? గాజు శాంపిల్ ముక్క క్లయింట్‌కు చేరిందా, లేక అది మన స్టోర్ రూమ్‌లోనే ఉందా? మధ్యలో క్లయింట్ ఏదైనా ప్రశ్న అడిగితే దానికి జవాబు వెళ్లిందా? గడువు లెక్క అసంపూర్ణమైన సెట్ పంపిన రోజు నుంచి నడవదు, చాలా ఒప్పందాల్లో ఇదే తకరారు. ఇంకోటి, సైట్‌లో మన పని కూడా వెనకబడి ఉందేమో చూడాలి. ఉదాహరణకు 64లో 10 కిటికీల దగ్గర గోడ పనే పూర్తికాక కొలతలు తీయలేదనుకుందాం. ఆ పది గాజుల ఆర్డర్ అప్రూవల్ వచ్చినా వెళ్లదు. అప్పుడు ఆలస్యమంతా క్లయింట్ మీద వేయడం కుదరదు. ఇద్దరి వల్లా ఒకేసారి జరిగే ఆలస్యాన్ని ఎలా లెక్కించాలన్నది నిర్మాణ రంగంలో పెద్ద చర్చ. బ్రిటన్‌కు చెందిన సొసైటీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ లా 2002లో తెచ్చి, 2017లో సవరించిన ఆలస్యాల ప్రోటోకాల్‌లో దీనికి ప్రత్యేక భాగమే ఉంది. కాబట్టి అలాంటిదేదైనా ఉంటే ఉత్తరంలో మనమే చెప్పేయాలి. వాళ్లు కనిపెట్టేదాకా ఆగితే మిగతా మాటలన్నీ తేలిపోతాయి.

ఇక అడగాల్సిన నిర్ణయం. "డ్రాయింగులు ఆమోదించండి" అంటే 14 షీట్ల మీద ఒకేసారి సంతకం పెట్టమని. ఎవరికైనా జంకుగానే ఉంటుంది. ఫోన్ చేసి మాట్లాడితే తెలుస్తుంది, 14 షీట్లలో తేలనివి రెండే. గాజు లేత బూడిద రంగులో ఉండాలా, రంగు లేనిది చాలా అన్నది మొదటిది. ఇది 64 కిటికీలకూ వర్తిస్తుంది. మెట్ల వైపున్న 6 కిటికీలు తెరుచుకోవాలా, ఫిక్స్‌డ్‌గా ఉండాలా అన్నది రెండోది. ఇది ఫైర్ సేఫ్టీ చూసేవాళ్లు చెప్పాలి, వాళ్లు ఇప్పట్లో దొరికేలా లేరు. అంటే ఆ ఆరింటి కోసం మిగతా 58 కూడా ఆగి ఉన్నాయన్నమాట. ఉత్తరం ఇక్కడ ముడి విప్పాలి: రంగు ఒక్కటి చెప్పండి, 58 కిటికీల గాజు వెళ్లిపోతుంది. ఆగిన అప్రూవల్స్ చాలావరకు ఇలా విడదీస్తేనే కదులుతాయి, నష్టం లెక్కలు చూపించడం వల్ల కాదు.

"అప్రూవల్ వచ్చేలోపు మీరు మొదలుపెట్టేయండి, తర్వాత చూసుకుందాం" అని నోటిమాటగా అనే క్లయింట్లూ ఉంటారు. దేన్ని మొదలుపెట్టవచ్చో, ఏది కుదరదో ఉత్తరంలోనే చెప్పాలి. అల్యూమినియం సెక్షన్లు ముందే తెప్పించుకోవచ్చు, రంగు ఏదైనా ఫ్రేమ్ అదే. గాజు సంగతి వేరు. ఈ కిటికీలకు వాడేది టఫెన్డ్ గాజు, అంటే వేడితో గట్టిపరచినది. దాన్ని 600 డిగ్రీల సెల్సియస్ దాటేదాకా వేడిచేసి, గాలి కొట్టి చప్పున చల్లారుస్తారు. పైపొర బిగుసుకుని, లోపలి పొర దాన్ని లాగుతూ ఉంటుంది. దాని బలమంతా ఆ బిగింపులోనే ఉంది. అందుకే ఆ తర్వాత దాన్ని కోయాలన్నా, రంధ్రం వేయాలన్నా మొత్తం చిన్న చిన్న ముక్కలై రాలిపోతుంది. కొలతా, రంధ్రాలూ, రంగూ అన్నీ ఫర్నెస్‌లోకి వెళ్లకముందే ఖరారు కావాలి. ఫిక్స్‌డ్ కిటికీకి కోసిన గాజు తెరుచుకునే కిటికీకి సరిపోదు, ఎందుకంటే లోపల ఇంకో ఫ్రేమ్ రావడంతో కొలత తగ్గుతుంది. ఈ రెండు మూడు వాక్యాలు ఉత్తరంలో ఉంటే "మీరు మొదలుపెట్టేయండి" అన్న మాట మళ్లీ రాదు.

ఇవన్నీ కలిపి రాస్తే ఉత్తరం ఇలా వస్తుంది:

"విషయం: కిటికీల గాజు ఆర్డర్‌కు జూన్ 25 సాయంత్రం 5 గంటల లోపు గాజు రంగుపై మీ నిర్ణయం కావాలి

నమస్కారం.

జూన్ 3న పంపిన కిటికీల షాప్ డ్రాయింగుల మీద మీ సమాధానం 13కి అందవలసి ఉంది, ఇంకా అందలేదు. మా నుంచి రావలసినది ఏదైనా మిగిలి ఉంటే చెప్పండి, అదే రోజు పంపిస్తాం.

మీ నుంచి కావలసిన నిర్ణయాలు రెండు. ఒకటి, మొత్తం 64 కిటికీలకు గాజు రంగు: లేత బూడిదా, రంగు లేనిదా. రెండు, మెట్ల వైపు 6 కిటికీలు తెరుచుకునేవా, ఫిక్స్‌డా. రెండోదానికి సమయం పడుతుందని నిన్న ఫోన్‌లో చెప్పారు. మొదటిది తేల్చి, ఆ 6 మినహా మిగతా డ్రాయింగులకు అనుమతి ఇస్తే 58 కిటికీల గాజు ఆర్డర్ ఇచ్చేస్తాం.

జూన్ 25 లోపు ఇది అందితే గాజు జూలై 18న వస్తుంది, ఆ 58 కిటికీల వల్ల సెప్టెంబర్ 30 హ్యాండోవర్ మారదు. ఇప్పటిదాకా జరిగిన ఆలస్యానికి అదనపు ఖర్చు లేదు.

25 దాటితే ఫ్యాక్టరీలో తర్వాతి బ్యాచ్ జూలై 11న. గాజు ఆగస్టు 1న వస్తుంది, సీలింగ్, పెయింటింగ్ పనులు జూలై 31కి బదులు ఆగస్టు 14న మొదలవుతాయి, హ్యాండోవర్ అక్టోబర్ 14 అవుతుంది. 14 రోజుల పరంజా అద్దె, 14 రోజుల సైట్ నిర్వహణ ఖర్చు అదనంగా పడతాయి. ఒప్పందంలోని రేట్ల ప్రకారం లెక్క జతచేశాం. ఇది కాక, సీలింగ్ టీమ్ ఆగస్టు 28 నుంచి మరో సైట్‌కు మాట ఇచ్చి ఉంది. వాళ్లు వెళ్లిపోతే అయ్యే నష్టాన్ని ఇప్పుడే కచ్చితంగా చెప్పలేం, అందుకే లెక్కలో చేర్చలేదు.

శాంపిల్ ముక్కలతో రేపు గానీ ఎల్లుండి గానీ మీ ఆఫీసుకు వస్తాం. అరగంట చాలు. ఏ సమయం వీలవుతుందో చెప్పగలరు."

ఇందులో గమనించాల్సిన ఒక విషయం, నిందించే వాక్యం ఎక్కడా లేదు. "మీరు ఆమోదం ఇవ్వకపోవడం వల్ల" అని రాస్తే ఆ "వల్ల" దగ్గరే చదివేవాళ్లకు చురుక్కుమంటుంది, జవాబు తమను తాము సమర్థించుకోవడంతో మొదలవుతుంది. "సమాధానం ఇంకా అందలేదు" అన్నా వాస్తవం అంతే గట్టిగా నమోదవుతుంది. అలాగని మరీ మెత్తబడి "కొంచెం చూడగలరేమోనని మనవి" అని రాస్తే తేదీకి ఉన్న బరువు పోతుంది. ఈ ఉత్తరం చదివేవాళ్లు నిర్ణయం తీసుకునేవాళ్లు కాకపోవచ్చని కూడా గుర్తుంచుకోవాలి. దాన్ని వాళ్లు పైవాళ్లకు ఫార్వర్డ్ చేస్తారు. పాత మెయిళ్లు వెతుక్కోకుండా ఇదొక్కటే చదివినా పైవాళ్లకు అర్థం కావాలి. విషయం లైన్‌లోనే తేదీ, నిర్ణయం రెండూ పెట్టడం అందుకే.

ఖర్చు చెప్పిన తీరు కూడా చూడాలి. కచ్చితంగా పడేది, పడే అవకాశం ఉన్నది వేరువేరుగా ఉన్నాయి. పరంజా అద్దె బిల్లు చూపించగలిగే ఖర్చు. సీలింగ్ టీమ్ వెళ్లిపోతే ఏమవుతుందన్నది అంచనా. రెండూ కలిపి ఒక పెద్ద మొత్తం రాస్తే చూడ్డానికి ఘనంగా ఉంటుంది, కానీ అందులో బలహీనమైన భాగాన్ని పట్టుకుని మొత్తాన్నే కొట్టేయడం అవతలివాళ్లకు సులువవుతుంది.

ఉత్తరం చివర "25 లోపు సమాధానం రాకపోతే ఆమోదించినట్టుగా భావిస్తాం" అని చేర్చాలన్న ఆశ చాలామందికి పుడుతుంది. ఒప్పందంలో అలాంటి షరతు ఉంటే దాన్ని పేర్కొనవచ్చు. లేనప్పుడు ఉత్తరంలో మనం రాసుకున్నంత మాత్రాన అది చెల్లదు. పైగా ఈ ఉదాహరణలో అది ప్రమాదం కూడా. మౌనాన్ని అంగీకారమనుకుని 64 గాజులు చేయించాక "మేం బూడిద రంగు అడిగాం కదా" అంటే వాటిని ఏం చేసుకోవాలి?

ఒప్పందం మాట వచ్చింది కాబట్టి, ఇలాంటి ఉత్తరం మర్యాద కోసం రాసేది మాత్రమే కాదు. నిర్మాణ పనులకు అంతర్జాతీయంగా వాడే ఫిడిక్ నమూనా ఒప్పందాల్లో, ఉదాహరణకు 1999 నాటి రెడ్ బుక్‌లో, డ్రాయింగ్ గానీ ఆదేశం గానీ అందక పని ఆగేలా ఉంటే కాంట్రాక్టర్ నోటీసు ఇవ్వాలని 1.9 క్లాజ్ చెబుతుంది. ఏది కావాలి, ఎందుకు కావాలి, ఎప్పటిలోగా కావాలి, ఆలస్యమైతే ఎలాంటి నష్టం ఎంత జరుగుతుంది అన్నవి ఆ నోటీసులో ఉండాలి. పై ఉత్తరంలోని వరస దాదాపు అదే. అదే పుస్తకంలో 20.1 క్లాజ్ ప్రకారం గడువు పొడిగింపు గానీ అదనపు సొమ్ము గానీ అడగాలనుకుంటే, ఆ సంఘటన తెలిసిన, లేదా తెలిసి ఉండాల్సిన, నాటి నుంచి 28 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే హక్కే పోతుంది. మన ఒప్పందం ఫిడిక్ కాకపోవచ్చు, రోజుల సంఖ్య వేరుగా ఉండవచ్చు, అసలా నిబంధనే లేకపోవచ్చు. తీసి చదువుకోవాలి. నోటీసు ఏ చిరునామాకు, ఎవరి పేరిట వెళ్లాలో కూడా అందులోనే ఉంటుంది. వాట్సాప్‌లో పంపిన మెసేజ్ మనుషుల్ని కదిలించవచ్చు గానీ నోటీసుగా చెల్లుతుందన్న నమ్మకం లేదు. మామూలు ఉత్తరాన్ని, నోటీసును ఒకే కాగితంలో కుక్కడం కన్నా విడివిడిగా పంపడం మంచిది. క్లాజ్ నంబర్లు కనబడగానే ఉత్తరం లీగల్ వాళ్ల దగ్గరికి వెళుతుంది, గాజు రంగు చెప్పాల్సిన మనిషికి చేరేసరికి 25 దాటిపోతుంది.

25 దాటిందనుకుందాం. అప్పుడు పాత ఉత్తరాన్నే "రిమైండర్ 2" అని మళ్లీ పంపడం పనికిరాదు. అందులోని తేదీలన్నీ చచ్చిపోయాయి. కొత్త మెట్టు జూలై 9, కొత్త హ్యాండోవర్ అక్టోబర్ 14. ఈసారి ఇంకో మాట కూడా చేర్చాలి: పోయిన 14 రోజుల్లో కొన్నిటిని వెనక్కి తెచ్చుకునే దారులు. బిగించేవాళ్లను రెట్టింపు చేస్తే 12 రోజుల పని ఏడెనిమిది రోజుల్లో కావచ్చు. కిటికీలకు పట్టాలు కట్టి కొన్ని గదుల్లో సీలింగ్ ఫ్రేమ్ పని ముందే మొదలుపెట్టవచ్చు. ఇవి ఊరికే అయ్యేవి కావు కాబట్టి, క్లయింట్ రాతపూర్వకంగా చెబితేనే చేస్తామని స్పష్టంగా రాయాలి. చెప్పకుండా చేసి తర్వాత బిల్లు పెడితే ఆ డబ్బు రావడం కష్టం.

మన ఉదాహరణలో అంతదాకా రాలేదు అనుకుందాం. 24 మధ్యాహ్నం జవాబు వచ్చింది: లేత బూడిద, 58 కిటికీలకు సరే, మెట్ల వైపు 6 గురించి తర్వాత చెబుతాం. ఆర్డర్ ఆ సాయంత్రమే వెళ్లింది. ఊపిరి పీల్చుకోవచ్చు గానీ ఫైలు మూయడానికి లేదు. ఆ 6 కిటికీల గాజు ఇప్పుడు జూలై 11 బ్యాచ్‌లో పడుతుంది, దానికి ఆఖరి తేదీ జూలై 9. మెట్ల వైపు గోడకు మాత్రం పరంజా ఆగస్టు దాకా ఉంచాలి, మిగతా మూడు వైపులా విప్పేయవచ్చు. అక్కడి కిటికీలకు తాత్కాలికంగా షీట్లు బిగిస్తే లోపలి సీలింగ్ పని ఆగదు. 24 సాయంత్రం కృతజ్ఞతలు చెబుతూ రాసే రెండో ఉత్తరంలో ఈ మూడు వాక్యాలూ, ఒక వైపు పరంజా అద్దె ఎవరి ఖాతాలో పడుతుందన్న ప్రశ్నా ఉండాలి.